ఒక గుల్ల, ఒక చిల్లు, మూడు ఫోటోలు

(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నన్ను ఏదైనా చెప్పమన్నారు. ముప్పై ఏళ్ళకు పైగా జువాలజీ పాఠాలు చెప్పినవాణ్ణి. ఉపన్యాసం మొదలుపెడితే గంట కొట్టేదాకా ఆగని అలవాటు నాది. అందుచేత ఈవేళ ఒక్క గుల్ల గురించి మాత్రమే మాట్లాడి సెలవు తీసుకుంటాను.

మన సభ్యులొకరు, పేరు చెప్పవద్దన్నారు, క్రిందటి శీతాకాలంలో భీమిలి వెళ్ళి, ఇసుకలో ఒక గుల్ల ఏరారు. దాని పైభాగాన ఒకటే చిల్లు ఉంది. చక్కగా, గుండ్రంగా, బరమా పెట్టి తొలిచినట్టు ఉంది. భీమిలిలో పావురాళ్ళకొండ మీద బౌద్ధుల ఆనవాళ్ళు ఉన్నాయని మీకందరికీ తెలుసు. ఆయన ఆ రెంటినీ కలిపారు. ఇది ఆ కాలపువాళ్ళు దండలో గుచ్చుకున్న పూస అయివుంటుందని నిశ్చయించుకున్నారు. బంధువులకు చెప్పారు, మ్యూజియంవారికి ఇవ్వడానికి ఉత్తరం కూడా వ్రాసి పెట్టుకున్నారు. ఉత్తరం పోస్టు చేసేముందు నాకు ఫోటో పంపి, “మాస్టారూ, మీరు ఒక్క మాట అంటే చాలు” అన్నారు.

ఆ ఒక్క మాట అనడమే కష్టమైంది. ఆ ఫోటోలో గుల్ల అరచేతిలో ఉంది. ఎదురుగా ఫ్లాష్ వేసి తీశారు. ఫ్లాష్ వెలుగుకు చిల్లు నల్లటి చుక్కలా కనిపించింది కాని, దాని అంచు ఏటవాలుగా ఉందో నిటారుగా ఉందో తెలియలేదు. అసలు విషయమంతా ఆ అంచులోనే ఉంది. అందుకని మూడు ఫోటోలు అడిగాను. ఒకటి గుల్ల వెలుపలి వైపు, ఒకటి లోపలి వైపు, మూడోది రెండు చిప్పలు కలిసే కీలు వైపు. పక్కన స్కేలు పెట్టమన్నాను. రూపాయి బిళ్ళలు ఒక్కోసారి ఒక్కో సైజులో వచ్చాయి కనుక వాటితో కొలత కుదరదు. ఉదయపు ఎండ పక్కనుంచి పడేటట్టు పెట్టి తీయమన్నాను. వెలుగు ఏ వైపునుంచి వచ్చిందో కూడా వ్రాయమన్నాను. ఎందుకంటే వెలుగు పైనుంచి వస్తుందని మన కన్ను ముందే అనుకుంటుంది. అది క్రిందినుంచి వస్తే ఫోటోలో గుంట బొడిపెలాగా, బొడిపె గుంటలాగా కనిపిస్తుంది.

మర్నాడు మూడు ఫోటోలూ వచ్చాయి. ముందు కీలు చూశాను. అది తిన్నగా, గీత గీసినట్టు ఉంది. దాని పొడుగునా దువ్వెన పళ్ళలాంటి సన్నని పళ్ళున్నాయి. వెలుపల పద్దెనిమిది లావుపాటి గట్లు, వాటిమీద వరసగా బొడిపెలు ఉన్నాయి. ఇది అనదార గ్రానోసా అనే జాతి గుల్ల. లోపలి జంతువు రక్తంలో మనకున్నట్టే హిమోగ్లోబిన్ ఉంటుంది, కోస్తే ఎర్రగా కారుతుంది. బురద నేలల్లో, నదీముఖాల దగ్గర ఉంటుంది. భీమిలిలో గోస్తనీ నది కలుస్తుంది కనుక అక్కడ దొరకడంలో వింత లేదు.

ఇక చిల్లు సంగతి. గుల్లకు చిల్లు పడే మార్గాలు ముఖ్యంగా మూడు. మొదటిది అలలు. గుల్ల ఇసుకలో దొర్లితే అన్నిటికంటే ఎత్తుగా ఉండే భుజం ముందు అరుగుతుంది. అలా పడిన చిల్లు వంకరటింకరగా ఉంటుంది, చుట్టూ సానపట్టినట్టు చదునైన జాగా కనిపిస్తుంది. రెండవది మనిషి. రాతి మొనతో త్రిప్పి తొలిస్తే చిల్లు గోడమీద చుట్లు చుట్లుగా గీతలు మిగులుతాయి. రెండువైపులనుంచీ తొలిస్తే మధ్యలో సన్నబడుతుంది.

మూడవది నత్త. మూన్ స్నెయిల్ అనే గోళీలాంటి నున్నని నత్త ఇసుకలో ప్రాకుతూ, చిప్ప దొరకగానే తన వెడల్పాటి పాదంతో చుట్టేస్తుంది. తుండం చివరనున్న ఒక గ్రంథి నుంచి ఆమ్లం ఊరించి గుల్లను మెత్తబరుస్తుంది. తరువాత ఆకురాయిలాంటి నాలుకతో గీకుతుంది. మళ్ళీ ఆమ్లం, మళ్ళీ గీకుడు. అమెరికా తీరపు ఒక జాతి నత్తను ప్రయోగశాలలో ఉంచి కొలిస్తే, అది గంటకు సుమారు 0.02 మిల్లీమీటరు చొప్పున తొలిచింది. ఆ లెక్కన ఒకటిన్నర మిల్లీమీటర్ల మందం తొలచడానికి మూడు రోజులు పడుతుంది. చిల్లు పడ్డాక తుండం లోపలికి పెట్టి మాంసం తింటుంది. చిప్ప బ్రతికి మూసుకుని ఉంటుంది కనుక నత్త తొలిచేది వెలుపలినుంచే. అందుకే చిల్లు బయట వెడల్పుగా, లోపల ఇరుకుగా, వడ్రంగి మర తల దిగడానికి చెక్కిన గుంటలాగా ఉంటుంది.

మన మిత్రుని గుల్లలో చిల్లు వెలుపల 3 మిల్లీమీటర్లు, లోపల 2 మిల్లీమీటర్లు. గోడ నున్నగా ఉంది, చుట్లు లేవు. అంతకంటే మంచి సాక్ష్యం పక్కనే దొరికింది. మరొక చిన్న గుంట ఉంది, పూర్తికాని చిల్లు అది. దాని నడుమ చిన్న బొడిపె లేచి ఉంది. రాతి మొనతో తొలిచేటప్పుడు అన్నిటికంటే లోతయ్యేది నడుమనే, అక్కడ బొడిపె మిగలదు. మూన్ స్నెయిల్ పని మధ్యలో వదిలేస్తే మిగిలే గుర్తు అది. ఏదో అడ్డొచ్చి ఆ నత్త ఒకసారి వదిలేసింది. అదో, మరొకటో, తిరిగి వచ్చి పని పూర్తిచేసింది.

ఇది చెప్పగానే మిత్రుడు కాసేపు మాట్లాడలేదు. తరువాత ఒక మంచి ప్రశ్న వేశారు. “నత్త తొలిచిన గుల్లనే మనిషి ఏరి దండ గుచ్చి ఉండకూడదా?” ఉండవచ్చు. తొలిచే శ్రమ తప్పుతుంది కదా! కాని దారం చాలాకాలం ఆడితే చిల్లు అంచున ఒకవైపు గాడి పడి నున్నబడుతుంది. ఈ గుల్ల అంచు చుట్టూ ఒకేలా పదునుగా ఉంది. దండలోనూ ఎక్కువకాలం లేదు, అలల్లోనూ ఎక్కువకాలం దొర్లలేదు. ఎప్పటిదన్నది మాత్రం ఫోటో చెప్పదు. ఏ జాతి మూన్ స్నెయిల్ అన్నదీ చెప్పదు.

ఉత్తరం ఆగిపోయింది. పదిహేను రోజుల తరువాత ఆయన మనవరాలితో మళ్ళీ భీమిలి వెళ్ళి, చిల్లున్న గుల్లలు ఏడు ఏరి ఫోటోలు పంపారు. ఏడూ నత్త పనేనన్నాను. వారింటికి వెళ్ళి చేతిలోకి తీసుకుంటే ఒకటి తప్పు. దాని చిల్లు చుట్టూ చదునుగా అరిగి ఉంది, అది అలల పని. ఫోటోలో గుండ్రటి నీడ చూసి నేను తొందరపడ్డాను. ఆ అమ్మాయి వ్రేలు చిల్లు చుట్టూ త్రిప్పి, “ఇక్కడ బల్లలాగా ఉంది తాతగారూ” అన్నది. నేను కళ్ళజోడుతో చూడనిది ఆ పిల్ల వ్రేలితో చూసింది.

ఆ ఏడు గుల్లలూ ఇప్పుడు వారింట్లో అగ్గిపెట్టెల్లో, ఒక్కొక్కదానిమీద చీటీ అంటించి ఉన్నాయి. ఏడవ చీటీమీద “అల” అని ఆ అమ్మాయే వ్రాసింది.