లుక్‌బుక్‌లో ఫొటో, దాని కింద ఒక మాట

దర్శకుడు ‘లేత గులాబీ’ అంటే కళా దర్శకుడికి ఒక ఛాయ, కాస్ట్యూమ్ డిజైనర్‌కి మరో ఛాయ తోస్తుంది. తేడా బయటపడేసరికి సెట్లో గోడల రంగు ఆరిపోయి ఉంటుంది. అందుకే రంగులు, దుస్తులు, లొకేషన్ల ఫొటోలు కూర్చి ముందే లుక్‌బుక్ తయారుచేస్తారు. 2014లో వచ్చిన ‘ది గ్రాండ్ బుడాపెస్ట్ హోటల్’ చూడండి. దర్శకుడు వెస్ ఆండర్సన్ బృందం అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్‌లోని ఫొటోక్రోమ్‌లను, అంటే నలుపు తెలుపు ఫొటోలకు అచ్చులో రంగులద్దిన వందేళ్లనాటి బొమ్మలను, తిరగేసింది. హోటల్ రూపానికి అవే ఆధారమయ్యాయి. జర్మనీలోని గోర్లిట్స్‌లో మూతపడిన డిపార్ట్‌మెంట్ స్టోరు హోటల్ లోపలి భాగమైంది. హోటల్‌లోని ఎరుపు, గులాబీ రంగుల మధ్య సిబ్బంది ఊదారంగు యూనిఫాం ఇట్టే కంటపడుతుంది.

ఇలా ముందే చూపిస్తే పనివాళ్ల ఊహకు కళ్లెం వేసినట్టు కాదా అని కొందరంటారు. ఉత్త ఫొటో అతికిస్తే నిజమే, దాన్నే నకలు దించుతారు. కింద ‘ఇందులో కిటికీ వెలుగు మాత్రమే కావాలి, ఫర్నిచర్ వద్దు’ అని రాస్తే మిగతాదంతా వాళ్ల ఊహకే వదిలినట్టు. ఇక రంగు విషయంలో ఫోన్ తెరను నమ్మడానికి లేదు, ఒక్కో ఫోన్లో ఒక్కోలా కనిపిస్తుంది. గుడ్డముక్కనూ, పెయింటు పూసిన అట్టనూ పక్కపక్కన పెట్టి, ఆ సీనుకు వాడబోయే లైటు కిందే కెమెరాతో తీసి చూడాలి. పసుపు లైటు పడితే లేత గులాబీ నారింజ వైపు జరుగుతుంది.