అచ్చు బొమ్మల్లో అసలేది, నకలేది?

(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



డి.ఏ. బకాయిల గురించి, హెల్త్ కార్డుల గురించి చెప్పవలసినవారు ఇంతకుముందే చెప్పారు. కార్యదర్శిగారు నాకు వేరే విషయం అప్పగించారు. నేను సర్వీసులో చివరి పదకొండేళ్లు ఒక ప్రభుత్వ లలితకళల కళాశాల ఆఫీసులో గుమాస్తాగా పనిచేశాను. స్టాకు రిజిస్టరు నా చేతిలో ఉండేది. ఏటా స్టాకు వెరిఫికేషనుకు ప్రింట్ల బీరువా తెరిచి ఒక్కొక్క కాగితం లెక్క చూడవలసి వచ్చేది. రిజిస్టరులో 'ఒరిజినల్ ప్రింటు'కు ఒక కాలమ్, 'రీప్రొడక్షన్'కు ఒక కాలమ్. ఏది ఎందులో రాయాలో గ్రాఫిక్స్ విభాగం మాస్టార్లు ఓపికగా నేర్పారు. నాకు బొమ్మ గీయడం రాదు. బొమ్మ దేనిమీద, ఎలా పడిందో చూడడం మాత్రం వచ్చింది.

ఈ ఏడాది మన సభ్యుల కుటుంబాల్లో రెండు చోట్ల ఈ పని అవసరపడింది. ఒక మిత్రుడు కమ్యుటేషన్ డబ్బులోంచి 85,000 రూపాయలు పెట్టి ఒక 'లిమిటెడ్ ఎడిషన్ ఎచింగ్' కొనబోయారు. ఇంకొక ఇంట్లో, మన స్వర్గస్థుడైన సహోద్యోగి భార్య గోడమీది పాత బొమ్మను ఫ్రేముతో సహా రెండువేలకు ఇచ్చేయబోయారు. రెండూ చెబుతాను. ముందు ఎచింగ్ అంటే ఏమిటో రెండు మాటలు.

కళాకారుడు రాగి పలకమీదో, జింకు పలకమీదో గీతలు గీసి, యాసిడ్‌తో వాటిని లోతు చేస్తాడు. ఆ గాళ్లలో సిరా కూరి, పైపైన తుడిచేసి, తడిపిన మందపాటి కాగితం మీద పరిచి రోలరు ప్రెస్సులో నొక్కుతాడు. కాగితం ఆ గాళ్లలోకి దిగి సిరాను పైకి తెచ్చుకుంటుంది. ప్రతి కాపీకీ మళ్లీ సిరా కూరాలి, మళ్లీ తుడవాలి. అందుకే యాభయ్యో, వందో తీసి ఆపుతారు. మన మెదక్ జిల్లా నిజాంపూర్‌లో 1940లో పుట్టిన లక్ష్మాగౌడ్ గారి పేరు తెచ్చిన ఎచింగులు ఇలాంటివే. చిత్తూరు జిల్లా నందనూరులో పుట్టి పారిస్ వెళ్లిన కృష్ణారెడ్డి గారు ఇంకో అడుగు వేసి, సిరాల చిక్కదనంలో తేడా పెట్టి ఒకే పలకనుంచి ఒకేసారి పలు రంగులు తీసే పద్ధతిలో ప్రపంచ ప్రఖ్యాతి పొందారు. ఆయన 2018లో కాలం చేశారు.

రీప్రొడక్షన్ అంటే ఆ బొమ్మకు ఫోటో తీసి ఆఫ్‌సెట్ మిషను మీదో, ఇంకుజెట్ మిషను మీదో వేసినది. అది నేరం కాదు. పెళ్లి శుభలేఖా అలాగే అచ్చవుతుంది. దాన్ని ఎచింగ్ ధరకు అమ్మితేనే తంటా.

నా మిత్రుడికి అమ్మజూపినవారు సెల్‌ఫోనులో ఫోటోలు పంపారు. మొదట అందరూ చూసేది కాగితం అంచు. నాలుగు అంచులూ కత్తిరించినట్లు కాక, నూలు పోగులు తేలినట్లు పల్చబడి, వంకరటింకరగా ఉన్నాయి. దీన్ని డెకిల్ అంచు అంటారు. చేతికాగితం తీసే చట్రంలో గుజ్జు అంచులకు జారడంవల్ల ఇది వస్తుంది. నిజమైన చేతికాగితానికి నాలుగు వైపులా ఉంటుంది. ఎచింగులకు ఎక్కువగా వాడే మిషను తీసిన నూలు కాగితానికి రెండు వైపులే సహజంగా ఉంటుంది, మిగతా రెండూ చించినవి. చించిన అంచు భూతద్దంలో చూస్తే పోగులు ఒకే దిక్కుకు లాగినట్లు కనిపిస్తాయి. అయితే ఈ రోజుల్లో ఇంకుజెట్‌కు కూడా డెకిల్ అంచున్న నూలు కాగితం దొరుకుతుంది. కాబట్టి అంచు బాగుందని సంతోషించవచ్చు కాని సంతకం పెట్టేయకూడదు.

రెండోది నంబరు. బొమ్మ కింద ఎడమవైపు పెన్సిలుతో 37/100, కుడివైపు సంతకం. అంటే వంద కాపీల్లో ముప్పయ్యేడోది. చాలామంది చిన్న నంబరైతే మంచి కాపీ అనుకుంటారు. ప్రింట్లు ఆరిన తర్వాత దొంతర పెట్టి నంబరు వేస్తారు కనుక అది అచ్చయిన వరసే కానక్కరలేదు. మన డిస్పాచ్ నంబరు లాగే, ఉత్తరం ముందు రాసినదో వెనక రాసినదో దాన్నిబట్టి తేలదు. 'ఏ.పి.' అని ఉంటే అది కళాకారుడు తన కోసం ఉంచుకున్న కాపీ. నంబరు లేని పాత ప్రింట్లు కూడా బోలెడు. ఈ నంబర్ల అలవాటు ఇరవయ్యో శతాబ్దంలో స్థిరపడినదే. మన ఇళ్లలో లక్ష్మి, సరస్వతి బొమ్మలున్నాయే, రవివర్మ ప్రెస్సు 1894లో మొదలై అచ్చు వేసిన ఓలియోగ్రాఫులు, అవి ఊరూరా అమ్మడానికి వేసినవి. వాటికి నంబర్లు లేవు. రవివర్మ బొమ్మకింద పెన్సిలు నంబరు కనిపిస్తే అది ఈ కాలపు నకలుకు వేసినదో, తర్వాత ఎవరో చేర్చినదో అనుకోవాలి.

సంతకం సంగతి కూడా చెబుతాను. నిజమైన పెన్సిలు గీత పక్కనుంచి వెలుతురు పడితే బూడిదరంగుగా మెరుస్తుంది, కాగితం కాస్త లొత్తపడి ఉంటుంది. అచ్చయిన సంతకం మెరవదు. మిత్రుడి ఫోటోలో సంతకం మెరిసింది. అది చేతితో పెట్టినదే. కాని ఆఫ్‌సెట్‌లో వేసిన రీప్రొడక్షన్లకు కూడా కళాకారులు పెన్సిలుతో నంబరు వేసి సంతకం చేసిన సందర్భాలు కోకొల్లలు. 'లిమిటెడ్ ఎడిషన్' అన్న మాట కాపీల లెక్క చెబుతుందే తప్ప ఎలా అచ్చయిందో చెప్పదు. ఈ ఒక్క ముక్క దగ్గరే ఎక్కువ డబ్బు పోతుంది.

ఇక మూడోది చుక్కలు. దీనికి నగలవారు కంటికి పెట్టుకునే పదిరెట్ల భూతద్దం చాలు. ముందు ఇంట్లో ఉన్న రంగుల కరపత్రాన్ని చూడండి. మనిషి బుగ్గ రంగు అనుకున్నది నిజానికి నీలం, గులాబి, పసుపు, నలుపు చుక్కల గుంపు. ఒక్కొక్క రంగు చుక్కలు ఒక్కో కోణంలో వరసలు కట్టి ఉంటాయి. ఆ వరసలు ఒకదానిమీద ఒకటి పడి చిన్న చిన్న పువ్వుల్లాగా కనిపిస్తాయి. మంచి ఆఫ్‌సెట్ పనిలో అంగుళానికి 150, అంతకు పైగా వరసలు ఉంటాయి కనుక ఉత్త కంటికి తెలియదు. ఇంకుజెట్ అయితే వరసలుండవు, సన్నటి తుంపర చల్లినట్లు ఉంటుంది, ముఖ్యంగా లేత రంగు దగ్గర. ఎచింగు గీతలో ఇవేవీ ఉండవు. గీత అంతా గట్టి సిరా, కాగితంమీద కొంచెం ఉబికి ఉంటుంది.

ఒక చిక్కుంది. ఎచింగులో మబ్బు, నీడ వంటివి తేవడానికి రెసిన్ పొడి పలకమీద చల్లి వేడి చేస్తారు. ఆక్వాటింట్ అంటారు. అందులో కూడా చుక్కలే కనిపిస్తాయి. చూసి నకలని గాభరా పడనక్కరలేదు. ఆక్వాటింట్‌లో చుక్కలు ఎండిన చెరువు నెరియల్లాగా వంకరగా అల్లుకుంటాయి, ఒకటి ఉన్నట్లు మరొకటి ఉండదు. ఆఫ్‌సెట్ చుక్కలు పరేడులో పోలీసుల్లాగా వరస తప్పవు. రవివర్మ ఓలియోగ్రాఫులో చుక్కలు రాతిమీద చేతితో పెట్టినవి కనుక అవీ కుదురుగా ఉండవు. ఇంకొకటి, కేవలం నల్లగీతల బొమ్మను ఆఫ్‌సెట్‌లో వేస్తే చుక్కలు అసలే లేకుండా పోవచ్చు. అప్పుడు గీత ఉబ్బు, పలక నొక్కు చూసి తేల్చాలి.

మిత్రుడి ఫోటోల్లో బొమ్మ చుట్టూ పలక నొక్కిన గుంట కూడా స్పష్టంగా ఉంది. ఆయన దాన్ని చూపించి, "ఇంకేం కావాలండీ?" అన్నారు. నేను దగ్గరి ఫోటో ఒకటి అడగమన్నాను. బూడిదరంగు ఆకాశం ఉన్న చోట, పక్కన స్కేలు పెట్టి, ఫోనుకు భూతద్దం ఆనించి తీసి, వాట్సాప్‌లో మామూలు ఫోటోగా కాక డాక్యుమెంటుగా పంపమన్నాము. మామూలుగా పంపితే అది బొమ్మను కుదించేస్తుంది, చుక్కలు కలిసిపోతాయి. రెండు రోజులు పట్టింది. ఫోటో వచ్చింది. ఆకాశమంతా నీలం, గులాబి, పసుపు చుక్కల పువ్వులు, వరసలు వరసలుగా. నల్లగీతల అంచులు కూడా చుక్కలుగా తెగిపోయాయి. మరి ఆ గుంట? రీప్రొడక్షన్ మీద సిరా లేని ఖాళీ పలకతో విడిగా నొక్కినది. మళ్లీ చూస్తే బొమ్మ ఒకవైపు గుంట అంచుకు తగులుతూ, రెండోవైపు రెండు మిల్లీమీటర్లు దూరంగా ఉంది. ఒకే పలకనుంచి వచ్చిన బొమ్మ, గుంట అలా ఏటవాలుగా తప్పవు.

అయినా మనం ఎవరినీ దొంగ అనలేదు. బిల్లుమీద 'కళాకారుడి పలకనుంచి చేతితో తీసిన ఎచింగ్, ఫోటో రీప్రొడక్షన్ కాదు' అని రాసి సంతకం చేయమని అడిగాము. వారు "లిమిటెడ్ ఎడిషన్ అని రాస్తాం, అంతే" అన్నారు. బేరం అక్కడితో ఆగింది. డబ్బు బ్యాంకులోనే ఉంది.

రెండో బొమ్మ దీనికి పూర్తిగా తలకిందులు. వదినగారి ఇంట్లో గోడకు నలభై ఏళ్లుగా ఉన్నది. ఫ్రేము కట్టినవాడు కాగితం నాలుగు వైపులా బ్లేడుతో తెగ్గోశాడు, డెకిల్ అంచు లేదు. నంబరు కూడా లేదు, మూలన మసకగా 'ఏ.పి.' అనీ, అర్థంకాని పొట్టి సంతకమూ ఉన్నాయి. పాత సామాన్ల వ్యాపారి అది క్యాలెండరు బొమ్మన్నాడు. ఫ్రేము వెనక మేకులు తీసి, మౌంటు అట్ట పక్కకు జరిపి చూశాము. అట్ట కింద దాగిన పలక గుంట బయటపడింది. చీకటి గదిలో టార్చి పక్కనుంచి పడేస్తే నల్లగీతలు సన్నటి దారాల్లాగా ఉబికి నీడలు వేశాయి. భూతద్దంలో చుక్కల పువ్వు ఒక్కటి లేదు, నీడభాగంలో ఆక్వాటింట్ నెరియలు. కాగితం వెనకవైపు కూడా గీతల ఒత్తు వేలికి తగిలింది.

అది ఒరిజినల్ ప్రింటే. ఎవరిదో, ఎంత చేస్తుందో భూతద్దం చెప్పదు. సంతకం తెలిసినవారికి చూపించాలి, అంచులు కోసినందుకు ధర తగ్గుతుంది కూడా. వదినగారు మాత్రం, "ఆయన జీతంలోంచి కొనుక్కొచ్చిందండీ, అమ్మను" అని చెప్పి, యాసిడ్ లేని కొత్త మౌంటు అట్ట వేయించి, ఎండ తగలని గోడకు మార్చారు.

మీ ఇళ్లలో ఇటువంటివి ఉంటే ఫ్రేము తీయకముందు నాకు చెప్పండి. పాత అట్టకు బంకతో అతికించి ఉంటే లాగకూడదు, కాగితం పొర లేచిపోతుంది. మొదటి శనివారం సాయంత్రం నేనూ నా భూతద్దమూ సంఘ కార్యాలయంలో ఉంటాము.