డెల్టా జవాబులో పోయే మార్కులు



సాంఘికశాస్త్రం పేపర్లు దిద్దేటప్పుడు మన ఉపాధ్యాయులందరికీ ఎదురయ్యే జవాబు ఒకటి చెబుతాను. ‘కృష్ణా డెల్టా ఎలా ఏర్పడిందో వివరించండి’ అని నాలుగు మార్కుల ప్రశ్న ఇచ్చామనుకుందాం. పిల్లవాడు ఇలా రాస్తాడు: ‘డెల్టా త్రిభుజాకారంలో ఉంటుంది. నది పాయలుగా చీలి సముద్రంలో కలుస్తుంది. నేల చదునుగా, సారవంతంగా ఉంటుంది. వరి బాగా పండుతుంది.’ పక్కన చక్కని బొమ్మ కూడా వేస్తాడు. ఇందులో ఒక్క తప్పూ లేదు. అయినా ఒక మార్కు మించి వేయలేం. విమానంలోంచి చూసినవాడు కూడా ఇంతే చెప్పగలడు. నది ఎందుకు చీలిందో, ఆ మట్టి అక్కడే ఎందుకు ఆగిందో జవాబులో ఎక్కడా లేదు.

ఈ పాఠం చెప్పడానికి మన జూపాడు బంగ్లా కంటే మంచి చోటు దొరకదు. పోతిరెడ్డిపాడు హెడ్ రెగ్యులేటర్ మన మండలంలోనే ఉంది. దాని ముందు నిలిచేది శ్రీశైలం జలాశయం వెనుకజలం. వరద రోజుల్లో కృష్ణా, తుంగభద్ర ఎర్రటి నీళ్లతో పరుగెత్తుకొచ్చి ఈ నిలిచిన నీళ్లలో పడగానే వేగం కోల్పోతాయి. నీటికి మట్టిని మోసే బలం వేగం నుంచే వస్తుంది. వేగం తగ్గితే బరువైన ఇసుక ముందు దిగుతుంది, సన్నని ఒండ్రు ఇంకొంచెం దూరం పోయి దిగుతుంది. శ్రీశైలం మొదటి నిల్వ సామర్థ్యం 308 టీఎంసీలు. తర్వాతి సర్వేల్లో అది సుమారు 215 టీఎంసీలకు దిగింది. తగ్గిన చోటు చాలావరకు మేట వేసిన మట్టిదే. ఎండాకాలం నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు సంగమేశ్వరం దగ్గరికి పిల్లల్ని తీసుకెళితే ఆ మేటను చేత్తో తాకి చూడవచ్చు.

సముద్రం దగ్గరా మొదట జరిగేది ఇదే. కాకపోతే అక్కడ ఉప్పు తోడవుతుంది. బంకమట్టి రేణువులు మంచినీళ్లలో ఒకదాన్నొకటి తోసుకుంటూ తేలుతుంటాయి. ఉప్పునీళ్లలో ఆ తోపు తగ్గి, ముద్దలు కట్టి, బరువెక్కి అడుగుకు చేరతాయి. రెండు గాజు గ్లాసుల్లో బురదనీళ్లు పోసి, ఒకదాంట్లో ఉప్పు కలిపి ఉంచండి. ఉప్పు గ్లాసే ముందు తేరుకుంటుంది. తరగతిలో ఇది చూసిన పిల్లవాడు ఉప్పు సంగతి మరిచిపోడు.

పిల్లలు తరచూ ఇక్కడితో ఆగిపోతారు. వేగం తగ్గింది, మట్టి దిగింది, డెల్టా అయింది అంటారు. పాయలు ఎందుకు వచ్చాయన్నది అప్పటికీ మిగిలే ఉంటుంది. ముఖద్వారం ఎదురుగా ఇసుక మేట లేస్తే నది తన దారికి తానే అడ్డం వేసుకున్నట్టవుతుంది. నీళ్లు మేటకు ఇటూ అటూ పోయి రెండు పాయలవుతాయి. ఒక పాయ ఏళ్ల తరబడి తన అడుగునూ గట్లనూ ఎత్తు చేసుకుంటూ పోతే, ఏదో పెద్ద వరదకు గట్టు తెంచుకుని, సముద్రానికి దగ్గరైన పల్లపు దారి పడుతుంది. పాయలు ఇలా చోటు మారుతూ మేట వేస్తూ పోవడం వల్లే డెల్టా పక్కలకు విస్తరిస్తుంది. పులిగడ్డ దగ్గర కృష్ణ చీలిన తీరు, రెండు పాయల నడుమ దివిసీమ ఉన్న తీరు మ్యాపులో చూపిస్తే విషయం తలకెక్కుతుంది.

చివరి మెట్టు సముద్రానిది. నది తెచ్చినంత మట్టినీ అలలూ ఆటుపోట్లూ పట్టుకుపోతే నేల పెరగదు. కృష్ణ ముఖం దగ్గర ఆటుపోట్లు మరీ పెద్దవి కావు. అలలు ఇసుకను తీరం వెంట వరుసలుగా పేరుస్తాయి. డెల్టా లోపల కనిపించే పాత ఇసుక దిబ్బల వరుసలు ఒకప్పటి తీరరేఖలు. అదే నర్మద చూడండి, ఆటుపోట్లు ఉధృతంగా ఉండే ఖంభాత్ సింధుశాఖలో కలుస్తుంది. అక్కడ మట్టి నిలవడం కష్టం, అందుకే వెడల్పైన ముఖద్వారమే తప్ప కృష్ణకున్నట్టు డెల్టా లేదు. ‘నర్మదకు డెల్టా ఎందుకు లేదు?’ అని వెంటనే అడగండి. ఆకారం మాత్రమే బట్టీపట్టిన పిల్లవాడు అక్కడ ఆగిపోతాడు.

ఇప్పుడు అదే పిల్లవాడి జవాబు దిద్దుదాం. ‘నది సముద్రాన్ని చేరగానే వేగం తగ్గి మోసే బలం పోతుంది. ముందు ఇసుక, తర్వాత ఒండ్రు దిగుతాయి, ఉప్పునీళ్లు బంకమట్టిని ముద్దకట్టిస్తాయి. మేట అడ్డుపడి నది పాయలుగా చీలుతుంది, పాయలు దారి మార్చుకుంటూ నేలను విస్తరిస్తాయి. సముద్రం తీసుకుపోయే దానికంటే నది తెచ్చేది ఎక్కువైతేనే డెల్టా నిలుస్తుంది.’ పిల్లవాడు రాసినట్టే ఇవీ నాలుగు వాక్యాలే, కాకపోతే కాస్త పొడవైనవి. నాలుగింటికి నాలుగూ వేయవచ్చు. త్రిభుజం, వరి కూడా రాస్తే రాయనివ్వండి, కానీ వాటికి మార్కు లేదని ముందే చెప్పండి.

ఇంకో ప్రశ్న కూడా పెట్టి చూడండి. కృష్ణా డెల్టా అంచు ఇటీవలి దశాబ్దాల్లో కొన్నిచోట్ల కోతకు గురవుతోంది, ఎందుకు? పై జవాబు అర్థమైనవాడికి కారణం వెతుక్కోవడం కష్టం కాదు. తీరానికి చేరాల్సిన ఒండ్రులో పెద్ద భాగం ఎగువ జలాశయాల్లోనే దిగిపోతోంది. అందులో కొంత మన పోతిరెడ్డిపాడు ఎదుటే ఉంది.