మొండి టీబీ: అది పుట్టే తీరు, కొత్త ఆరు నెలల మందులు
(సంఘం యువజన సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మీలో సగం మంది మా హాస్టళ్ళలో చదివి వెళ్ళినవాళ్ళే. మాట్లాడమని పిలిచారు కనుక, మన గూడేల నుంచి మిరప కోతలకూ ఇటుక బట్టీలకూ వెళ్ళే వయసు వాళ్ళకు పనికొచ్చే సంగతి ఒకటి చెబుదామనుకున్నాం. అది మందులకు లొంగని టీబీ. ఊళ్ళలో మొండి టీబీ అంటున్నారు. ఆ మాటే వాడదాం.

మామూలు టీబీకి మందు ఆరు నెలలు. మొదటి రెండు నెలలు నాలుగు రకాల మందులు కలిపిన మాత్రలు, తర్వాత నాలుగు నెలలు మూడు రకాలు కలిపినవి. దగ్గు తగ్గేది మొదటి నెలలోనే. మరి మిగతా ఐదు నెలలు ఎందుకు, ఇన్ని రకాలు ఎందుకు అని మీరు అడగాలి. హాస్టల్లో మేము పిల్లలకు నల్లబల్ల మీద వేసి చూపించే లెక్క ఒకటి ఉంది, అదే ఇక్కడ చెబుతాం.

టీబీ పట్టిన ఊపిరితిత్తిలో ఒక గుల్ల ఏర్పడిందనుకోండి. దానిలో 10 కోట్ల క్రిములు ఉండవచ్చు. ఇన్ని క్రిములు ఒకదాని నుంచి ఒకటి పుట్టేటప్పుడు, రాతలో తప్పులు దొర్లినట్టు, అక్కడక్కడా కొన్ని తేడాగా పుడతాయి. సుమారుగా 10 లక్షల్లో ఒకటి ఐసోనియాజిడ్ అనే మందుకు లొంగనిది. 10 కోట్లలో ఒకటి రిఫాంపిసిన్‌కు లొంగనిది. అంటే మందు ఇంకా మొదలుపెట్టకముందే ఆ గుల్లలో ఐసోనియాజిడ్‌కు లొంగనివి ఒక వంద, రిఫాంపిసిన్‌కు లొంగనిది ఒకటి ఉంటాయి. రెండింటికీ లొంగనిది కావాలంటే కోటి కోట్లలో ఒకటి రావాలి. అన్ని క్రిములు ఒంట్లో పట్టవు కాబట్టి అలాంటిది దాదాపు ఉండదు. అందుకే రెండు మంచి మందులు ఒకేసారి పడితే ఒకదాని నుంచి తప్పించుకున్న క్రిమిని రెండోది చంపుతుంది.

ఒక్క మందే ఇస్తే ఏమవుతుందో లోకం 1948లోనే చూసింది. బ్రిటన్‌లో స్ట్రెప్టోమైసిన్ ఒక్కటే ఇచ్చి చూసినప్పుడు రోగులు మొదట తేరుకున్నారు, తర్వాత చాలామందిలో ఆ మందుకు లొంగని క్రిములే మిగిలాయి.

ఇప్పుడు ఒక ఉదాహరణ. ఫలానా మనిషి కథ కాదు, మేము కల్పించి చెబుతున్నది. మన ఊరి కుర్రవాడు, 22 ఏళ్ళు, 46 కిలోలు. డిసెంబరులో గళ్ళ పరీక్షలో టీబీ అని తేలింది. ఆ బరువుకు రోజుకు మూడు మాత్రలు. 56 రోజులు బాగానే మింగాడు. దగ్గు పోయింది, రెండు కిలోలు పెరిగాడు. ఫిబ్రవరిలో గూడెం వాళ్ళతో కలిసి మిరప కోతలకు బయలుదేరాడు. ఒక నెల మాత్రలు మూట కట్టుకున్నాడు. చేను మీదికి తెల్లవారకముందే పోవాలి. ఖాళీ కడుపున మింగితే వికారం, పనిలో కళ్ళు తిరిగితే మేస్త్రీ ఊరుకోడు. కనుక రెండు రోజులు వేసుకుని మూడు రోజులు మానేయడం మొదలుపెట్టాడు. దారిలో మేడారం జాతర వచ్చింది, ఆ నాలుగు రోజులూ మూట విప్పలేదు.

అతని ఊపిరితిత్తిలో జరిగింది చూడండి. మందు వేసుకున్న రోజుల్లో లొంగే క్రిములు చచ్చాయి. ఐసోనియాజిడ్‌కు లొంగని ఆ కొద్ది క్రిములు రిఫాంపిసిన్ దెబ్బకు తగ్గాయి గానీ పూర్తిగా పోలేదు. మానేసిన రోజుల్లో అవి మళ్ళీ పెరిగాయి. టీబీ క్రిమి నిదానమైనది, ఒకటి రెండు కావడానికి దాదాపు 20 గంటలు పడుతుంది. అయినా నెలల మీద నెలలు ఇలా సాగితే వాటి గుంపు పెద్దదవుతుంది. ఆ గుంపు మొత్తం ఐసోనియాజిడ్‌కు లొంగనిదే కనుక, ఇక మాత్ర మింగినా వాటి మీద గట్టిగా పనిచేసేది రిఫాంపిసిన్ ఒక్కటే. ఆ గుంపు 10 కోట్లు దాటితే లెక్క ప్రకారం అందులో రిఫాంపిసిన్‌కు కూడా లొంగనిది ఒకటి పుడుతుంది. తర్వాత మింగిన ప్రతి మాత్రా దాని పోటీదార్లను చంపి దానికి చోటు చేసి పెడుతుంది. ఈ రెండు మందులకూ లొంగని టీబీనే డాక్టర్లు ఎండీఆర్ టీబీ అంటారు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. మందు పూర్తిగా మానేస్తేనే మొండి టీబీ వస్తుందని చాలామంది అనుకుంటారు. పూర్తిగా మానేసినవాడికి జబ్బు తిరగబెడుతుంది, పక్కవాళ్ళకు అంటుతుంది, ప్రాణం మీదికి వస్తుంది. కానీ క్రిమికి మొండితనం నేర్పేది ముఖ్యంగా వేస్తూ మానడం, మానుతూ వేయడం.

మన కుర్రవాడి దగ్గరికి వద్దాం. జూన్‌లో దగ్గు తిరగబెట్టింది. సంతలో ఆర్‌ఎంపీ దగ్గరికి పోతే లెవోఫ్లాక్సాసిన్ మాత్రలు వారానికి ఇచ్చాడు. నాలుగు రోజులు కాస్త తెరిపి అనిపించింది. ఆ తెరిపి ఎంత ప్రమాదమో తర్వాత చెబుతాం. ఆగస్టులో రక్తం పడితే అప్పుడు పెద్దాసుపత్రికి వెళ్ళాడు. అక్కడ గళ్ళను సీబీనాట్ మిషన్‌లో పెట్టారు. ట్రూనాట్ అనే మరో మిషన్ కూడా ఉంది. ఇవి గంట, రెండు గంటల్లో టీబీ ఉందా, అది రిఫాంపిసిన్‌కు లొంగుతుందా అని రెండూ చెబుతాయి. అతని కాగితం మీద లొంగదని వచ్చింది. మైక్రోస్కోపులో చూసే పాత పరీక్ష ఈ సంగతి చెప్పలేదు. దానికి లొంగే క్రిమి, లొంగని క్రిమి ఒకేలా కనిపిస్తాయి. కాబట్టి ఒకసారి టీబీ మందు వాడినవాళ్ళు మళ్ళీ దగ్గుతో వెళ్తే, ముందు వాడిన సంగతి దాచకుండా చెప్పి మిషన్ పరీక్ష అడగండి. 2014–16లో మన దేశంలో జరిపిన సర్వేలో కొత్తగా టీబీ వచ్చినవాళ్ళలో వందకు సుమారు ముగ్గురికి, ముందు మందు వాడినవాళ్ళలో వందకు సుమారు పన్నెండు మందికి ఎండీఆర్ ఉంది.

కొత్తవాళ్ళలో ఆ ముగ్గురిని గమనించండి. వాళ్ళు ఒక్క మాత్ర కూడా మానలేదు, అసలు ముందెన్నడూ వేసుకోనే లేదు. మొండి క్రిమే గాలిలో వాళ్ళకు అంటింది. మొండి టీబీ వచ్చిన ప్రతి మనిషినీ మందు ఎగ్గొట్టినవాడని ఊరు నిందించడం మాకు నచ్చదు.

ఇక మందుల సంగతి. ఒకప్పుడు ఎండీఆర్ అంటే ఏడాదిన్నర నుంచి రెండేళ్ళ వైద్యం. అందులో నెలల తరబడి రోజూ ఇంజెక్షన్. దాని వల్ల కొందరికి వినికిడి పోయి తిరిగి రాలేదు. ఇప్పుడు నాలుగు మందులతో, ఇంజెక్షన్ లేకుండా, 26 వారాల వైద్యం వచ్చింది. బెడాక్విలిన్, ప్రెటోమానిడ్, లినెజోలిడ్, మాక్సిఫ్లాక్సాసిన్ అనే నాలుగింటి మొదటి అక్షరాలు కలిపి బీపాల్ఎం అంటున్నారు. బెలారస్, దక్షిణాఫ్రికా, ఉజ్బెకిస్తాన్ దేశాల్లో పరీక్షించినప్పుడు ఈ మందులు వాడినవాళ్ళలో వందకు 89 మందికి మంచి ఫలితం వచ్చింది, పాత పద్ధతిలో 52 మందికే వచ్చింది. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సిఫారసు చేసింది. 2024 సెప్టెంబరులో మన కేంద్ర ప్రభుత్వం ఆమోదించింది. 14 ఏళ్ళు నిండినవాళ్ళకు ఇస్తారు. గర్భిణులకు, మెదడుకో ఎముకకో టీబీ పాకినవాళ్ళకు ఇది కాదు, వేరే మందులుంటాయి.

ఆ లెవోఫ్లాక్సాసిన్ సంగతి ఇప్పుడు అర్థమవుతుంది. అది మాక్సిఫ్లాక్సాసిన్‌కు అన్నదమ్ముల వరస. టీబీ ఉన్నవాడికి ఒంటరిగా ఇస్తే ఆ జాతి మందుకే క్రిమి మొండికేస్తుంది. అందుకే ల్యాబులో ఆ పరీక్ష కూడా చేస్తారు. లొంగదని తేలితే నాలుగోది తీసేసి మిగతా మూడింటితో వైద్యం నడుపుతారు. వారం రోజుల దగ్గు మాత్రలతో ఒక మంచి మందు చేజారినట్టే.

ఈ వైద్యంలో బెడాక్విలిన్ అసలు బలం. మొదటి రెండు వారాలు రోజూ 400 మిల్లీగ్రాములు, తర్వాత వారానికి మూడుసార్లు 200. రిఫాంపిసిన్‌ను ఖాళీ కడుపున మింగమంటారు, దీన్ని మాత్రం తిండితోనే మింగాలి. తిండి లేకపోతే మందు ఒంటికి సగమే పడుతుంది. పొద్దున అంబలి కూడా తాగకుండా పనికి పోయే అలవాటు మనకుంది, ఈ ఆరు నెలలు అది కుదరదు. పోషణ కోసం నిక్షయ్ పోషణ్ యోజన కింద నెలకు 1000 రూపాయలు బ్యాంకు ఖాతాలో వేస్తారు. ఆధార్, ఖాతా ముందే సరిచూసుకోండి.

ఈ మందుకు మరో గుణం ఉంది. ఇది ఒంట్లోంచి చాలా నెమ్మదిగా పోతుంది. మానేసినా నెలల తరబడి కొంచెం కొంచెం మిగిలి ఉంటుంది. లినెజోలిడ్, మాక్సిఫ్లాక్సాసిన్, ప్రెటోమానిడ్ మూడూ రెండు మూడు రోజుల్లో, మరీ అంటే నాలుగు రోజుల్లో, ఒంట్లోంచి పోతాయి. కాబట్టి మూడో నెలలో ఒళ్ళు బాగుందని ఎవరైనా అన్నీ ఆపేస్తే, వారం తిరిగేసరికి క్రిములకు ఎదురుగా బెడాక్విలిన్ ఒక్కటే, అదీ బలహీనంగా మిగులుతుంది. మనం నల్లబల్ల మీద వేసిన లెక్కే మళ్ళీ. బెడాక్విలిన్‌కు లొంగని టీబీ దక్షిణాఫ్రికాలోనూ మరికొన్ని చోట్లా ఇప్పటికే కనిపించింది. వైద్యం పొట్టిదైంది గానీ తప్పు చేయడానికి అందులో సందు పెరగలేదు. మా దృష్టిలో తగ్గింది కూడా.

మానాలనిపించేలా చేసేది ఎక్కువగా లినెజోలిడ్. అరికాళ్ళలో తిమ్మిర్లు, సూదులు గుచ్చినట్టుండటం, చూపు మసకబారడం, రక్తం తగ్గి నీరసం. ఇవి కనిపించిన రోజే చెబితే డాక్టరు మోతాదు తగ్గిస్తారు. దాచిపెడితే నరాలకు, కంటికి దెబ్బ మిగిలిపోవచ్చు. బెడాక్విలిన్, మాక్సిఫ్లాక్సాసిన్ గుండె లయను మారుస్తాయి కనుక ఈసీజీ తీస్తారు. ఆ రోజు పిలిస్తే వెళ్ళాలి, గుండె దడ అనిపిస్తే పిలవకపోయినా వెళ్ళాలి. కళ్ళు పచ్చబడితే కాలేయం సంగతి. ఇప్పసారా ఈ ఆరు నెలలు ముట్టకూడదని చెప్పేది కూడా కాలేయం కోసమే. పండగ పూట కొంచెమే కదా అని పెద్దలు పోస్తారు, వాళ్ళకు మీరే చెప్పాలి.

వలసకు పోవలసి వస్తే మానడం ఒక్కటే దారి కాదు. మందు మొదలుపెట్టినప్పుడు ఇచ్చిన నిక్షయ్ నంబరు కాగితం మీద రాసుకోండి, ఫోన్లో ఫోటో తీసుకోండి. బయలుదేరడానికి వారం ముందు పీహెచ్‌సీలోనో ఆశాకో ఏ మండలం వెళ్తున్నారో చెబితే అక్కడికి మార్పు చేస్తారు, మాత్రలు అక్కడే తీసుకోవచ్చు. చెప్పకుండా వెళ్ళిపోయినా 1800116666కు ఉచితంగా ఫోన్ చేసి అడగవచ్చు. ఆ నంబరు ఈ సంచిక చదివేవాళ్ళు ఇప్పుడే ఫోన్లో వేసుకుంటే మంచిది. మీ ఇంట్లో ఎవరికైనా మొండి టీబీ అని తేలితే, అదే కప్పు కింద పడుకునే వాళ్ళందరూ, చంటిపిల్లలతో సహా, దగ్గు లేకపోయినా పరీక్షకు వెళ్ళాలి. అప్పుడు డాక్టరుతో టీబీ అని మాత్రమే చెప్పకండి, ఏ మందుకు లొంగనిదో ఆ రిపోర్టు కాగితం చేతిలో పెట్టండి.