నిధులు అడిగే ఉత్తరంలో మన గొంతు

(చిన్న మహిళా సంస్థల కార్యకర్తల శిక్షణా శిబిరంలో చేసిన ప్రసంగ పాఠం)



ప్రాజెక్టు ప్రతిపాదన ఎలా రాయాలో నిన్నటి నుంచి మాట్లాడుకుంటున్నాం. లక్ష్యాలు, కార్యక్రమాలు, బడ్జెట్ అన్నిటి మీదా చర్చ జరిగింది. ప్రతిపాదనతో పాటు పంపే చిన్న ఈమెయిల్ గురించి మాత్రం ఎవరూ ఎత్తలేదు. అవతల కూర్చున్న అధికారి మొదట చదివేది దాన్నే. అందుకే నేనివాళ ఒకే ఒక్క ఉత్తరం తీసుకుని, దాన్ని ఎలా తిరగరాశామో చెప్తాను.

ఒక మండల కేంద్రంలో గృహహింసకు గురైన స్త్రీల కోసం కౌన్సెలింగ్ కేంద్రం నడుపుతున్న చిన్న సంస్థది ఈ ఉత్తరం. వాళ్ల అనుమతితోనే చెప్తున్నాను. గుర్తుపట్టే వివరాలు, అంకెలు మార్చాను. ఒక కంపెనీ సి.ఎస్.ఆర్. విభాగానికి పంపడానికి ఇంగ్లీషులో రాసుకున్నారు. తెలుగులో చెప్తే ఇలా వుంటుంది:

"గౌరవనీయులైన సార్‌కి నమస్కారములు. మాది చాలా చిన్న, పేద సంస్థ. దిక్కులేని అభాగ్య మహిళలకు సేవ చేస్తున్నాము. నాలుగు నెలలుగా సిబ్బందికి జీతాలు ఇవ్వలేకపోతున్నాము. తమరు దయతలచి ఎంతో కొంత సహాయం చేయకపోతే కేంద్రం మూతపడుతుంది. తమరి మేలు ఎన్నటికీ మరువలేము. బాధిత మహిళల ఫొటోలు జతచేశాము."

ఇందులో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా ఈ ఉత్తరం చదివిన అధికారికి ఏం తెలిసింది? సంస్థ కష్టాల్లో వుందని తెలిసింది. ఏం పని చేస్తుందో, ఎంత డబ్బు కావాలో, ఎందుకు కావాలో తెలియలేదు. పైగా ఆ అధికారి సార్ కాదు, ఒక స్త్రీ. ఆమె పేరు కంపెనీ ప్రకటనలోనే వుంది.

మనం ఎవరిని అడుగుతున్నామో ముందు తెలుసుకోవాలి. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షన్ ప్రకారం, నిర్ణీత స్థాయికి మించిన కంపెనీలు గత మూడేళ్ల సగటు నికర లాభంలో కనీసం 2 శాతం సామాజిక బాధ్యత కింద ఖర్చు చేయాలి. ఏ పనుల మీద ఖర్చు చేయవచ్చో ఏడవ షెడ్యూలులో వుంది. స్త్రీ పురుష సమానత్వం, స్త్రీల సాధికారత ఆ జాబితాలో వున్నాయి. అంటే ఆ అధికారి సొంత డబ్బులోంచి దానం చేయడం లేదు. ఈ డబ్బు ఎవరికి, ఏ పనికి, ఎంత, ఏ అర్హతతో ఇస్తున్నామో ఆమె తన కమిటీకి చెప్పుకోవాలి. "పాపం, చిన్న సంస్థ" అని కమిటీ ముందు చెప్పలేదు. ఆమె చెప్పగలిగే మాటలు మన ఉత్తరంలో వుండాలి. అది రాయడమే ఆమె పనిని గౌరవించడం.

ఇక రెండో ప్రశ్న మనకి సంబంధించింది. మన కేంద్రానికి వచ్చిన స్త్రీకి, నువ్వు దిక్కులేనిదానివి కాదు, నీకు హక్కుంది, చట్టం వుంది అని చెప్తాం. సాయంత్రం కంప్యూటర్ ముందు కూర్చుని ఆమెనే "అభాగ్యురాలు" అని రాస్తాం. దెబ్బల గుర్తులతో వున్న ఆమె ఫొటో ముక్కూ మొహం తెలియనివాళ్లకి పంపుతాం. ఆ ఫొటో కేసు కోసం తీసింది. నిధుల కోసం వాడుకునే హక్కు మనకి లేదు. అందుకని మేం చేసిన మొదటి పని ఫొటోలు తీసేయడం.

తరవాత ఆ సంస్థవాళ్లని ఉత్తరం పక్కన పెట్టి రిజిస్టర్ తెరవమన్నాను. పోయిన ఏడాది ఎంతమంది వచ్చారు? వాళ్లలో కోర్టుకు వెళ్తామన్నవాళ్లు ఎందరు? మళ్లీ రానివాళ్లు ఎందరు, ఎందుకు రాలేదు? జవాబులన్నీ వాళ్ల దగ్గరే వున్నాయి, ఉత్తరంలోకే రాలేదు. గంటన్నర కూర్చుని రాసుకున్నది ఇది:

"విషయం: గృహహింస కౌన్సెలింగ్ కేంద్రం, రెండు మండలాలు, ఒక సంవత్సరానికి రూ. 6,00,000.

(అధికారి పేరు) గారికి, నమస్కారం. మహిళా సాధికారత కింద మీరు ప్రతిపాదనలు కోరిన ప్రకటన చూసి ఇది పంపుతున్నాం. మా కేంద్రం పదకొండేళ్లుగా పనిచేస్తోంది. 2005 గృహహింస చట్టం 10వ సెక్షన్ కింద సేవాప్రదాతగా నమోదైంది. గత ఆర్థిక సంవత్సరంలో 180 మంది స్త్రీలు మా దగ్గరికి వచ్చారు. వారిలో 46 మంది కోరిక మీద గృహహింస నివేదికలు తయారుచేసి మెజిస్ట్రేటుకూ, రక్షణాధికారికీ పంపాం. ఒకసారి వచ్చి మళ్లీ రానివారు 38 మంది. వీరిలో ఎక్కువమంది పక్క మండలంవారు, దూరం ముఖ్య కారణం. అందుకే అక్కడ వారానికి రెండు రోజులు కేంద్రం నడపాలనుకుంటున్నాం.

కోరుతున్న మొత్తంలో రూ. 4,32,000 ఇద్దరు కౌన్సెలర్ల జీతం. మిగిలింది ప్రయాణాలు, అద్దె, ఫోను, ఆడిట్ ఖర్చులు. ప్రతిపాదన, మూడేళ్ల ఆడిట్ నివేదికలు, సి.ఎస్.ఆర్.-1 నమోదు, 12ఎ, 80జి పత్రాలు జతచేశాం. కేంద్రాన్ని చూడదలిస్తే, స్త్రీలు కౌన్సెలింగ్‌కి రాని బుధవారం మీకు స్వాగతం. మీ ప్రశ్నలకు జవాబు ఇవ్వడానికి సిద్ధంగా వున్నాం. ధన్యవాదాలు."

ఇందులో గమనించాల్సినవి కొన్ని చెప్తాను. "ఎంతో కొంత" పోయి కచ్చితమైన మొత్తం వచ్చింది. "ఎంతో కొంత" అంటే మన పనికి ఎంతవుతుందో మనకే తెలియదని చదివేవాళ్లు అనుకుంటారు. జీతాల సంగతి దాచకుండా ముందే చెప్పాం. కౌన్సెలింగ్ అంటే ఒక మనిషి కూర్చుని వినడం, వెంట వెళ్లడం. అందులో జీతమే పెద్ద ఖర్చు అవుతుంది, దానికి సంజాయిషీ అవసరం లేదు.

మళ్లీ రాని 38 మంది గురించి రాయడానికి ఆ సంస్థవాళ్లు భయపడ్డారు. నేను వుంచమన్నాను. కొత్త మండలానికి ఎందుకు వెళ్తున్నామో ఆ అంకే చెప్తోంది. అది తీసేస్తే ఉత్తరం గొప్పలు చెప్పుకున్నట్టవుతుంది. ప్రాధేయపడడం మానేసి "జిల్లాలో హింసను రూపుమాపాం" అని రాసే సంస్థలూ వున్నాయి. రిజిస్టర్‌లో చూపించలేని మాట ఏదైనా సరే, తనిఖీ రోజున మన మీదికే వస్తుంది.

జీతాల బకాయి సంగతేమిటని అడుగుతారు. పాత బకాయిల్ని కొత్త ప్రాజెక్టు డబ్బుతో తీర్చడానికి సాధారణంగా ఒప్పుకోరు. కాబట్టి ఈ ఉత్తరంలో దానికి చోటు లేదు. దాచమని కాదు. ఆడిట్ నివేదికలో అది కనపడుతుంది, అడిగితే వున్నదున్నట్టు చెప్పాలి.

బుధవారం రమ్మన్న వాక్యం చూడండి. డబ్బు ఇచ్చేవాళ్లకి షరతు పెట్టడమేమిటని ఒక కార్యకర్త సందేహించింది. కౌన్సెలింగ్ జరుగుతుండగా బయటివాళ్లు వచ్చి కూర్చుంటే ఏ స్త్రీ నోరు విప్పుతుంది? ఆ మాట మర్యాదగా చెప్తే, మన పని మనకి తెలుసన్న సంగతి అవతలివాళ్లకి అర్థమవుతుంది.

ఇంగ్లీషులో పెట్టేటప్పుడు పాత అలవాట్లు మళ్లీ దూరతాయి. "హంబ్లీ రిక్వెస్ట్", "కైండ్లీ డు ద నీడ్‌ఫుల్", "ఫర్ విచ్ ఆక్ట్ ఆఫ్ కైండ్‌నెస్" వంటివి తాలూకా ఆఫీసు అర్జీల నుంచి మనకి అంటుకున్నాయి. కొట్టేయండి. మొదట్లో నమస్కారం, చివర ధన్యవాదాలు చాలు.

పంపే ముందు ఒక పరీక్ష పెట్టుకోండి. ఆ ఉత్తరాన్ని తెలుగులో మీ సంఘం స్త్రీల ముందు గట్టిగా చదవండి. చదవడానికి ఎక్కడ నోరు రాకపోతే అక్కడ వాక్యం మార్చాలి.

మూడు వారాల్లో జవాబు రాకపోతే రెండు వాక్యాల ఈమెయిల్ ఒకటి పంపండి: ఫలానా తేదీన పంపాం, ఇంకేమైనా వివరాలు కావాలా అని. కాదంటే కారణం అడిగి, రాసి పెట్టుకోండి. ఎంత బాగా రాసినా కొన్నిసార్లు రాదు. ఆ కంపెనీ మన జిల్లాలో పనిచేయకపోవచ్చు, ఆ ఏడాది డబ్బు అప్పటికే కేటాయించి వుండొచ్చు. ఆ కారణం తెలిస్తే వచ్చే ఉత్తరం ఎవరికి రాయాలో తెలుస్తుంది.

ఇప్పుడు మీరు తెచ్చుకున్న ఉత్తరాలు బయటికి తీయండి. ఇద్దరిద్దరుగా కూర్చుని ఒకరిది ఒకరు చదువుదాం.