నానమ్మకి స్మార్ట్ టీవీ కొనాలా, పాత టీవీకి స్టిక్ పెడితే చాలా?

ఈ ఎపిసోడ్ మన వరంగల్ మట్టెవాడ నుంచి ఒక తమ్ముడు పంపిన ప్రశ్న మీద. తను హైదరాబాద్‌లో జాబ్ చేస్తున్నాడు. మట్టెవాడలో ఇంటి దగ్గర నానమ్మ, తాతయ్య ఉంటారు. ఇద్దరికీ డెబ్భై ఐదు దాటినయ్. ఇంట్లో పదేళ్ల నాటి 32 అంగుళాల మామూలు ఎల్‌ఈడీ టీవీ, దానికి కేబుల్ బాక్స్ ఉన్నాయి. ఈమధ్యే వైఫై పెట్టించారు. ఇప్పుడు యూట్యూబ్ కూడా టీవీలో రావాలి. "అన్నా, కొత్త స్మార్ట్ టీవీ తీసుకోవాలా, స్టిక్ పెడితే సరిపోతుందా?" ఇదీ ప్రశ్న.

మామూలుగా ఇలాంటి వీడియోల్లో 4కే ఉందా, ర్యామ్ ఎంత, డాల్బీ ఉందా అని చూస్తాం కదా. పెద్దవాళ్లు చూసే టీవీకి ఆ లెక్క తర్వాత. ముందు చూడాల్సింది ఒక్కటే: పవర్ బటన్ నొక్కాక, వాళ్ల ఛానల్ రావడానికి ఇంకెన్ని బటన్లు నొక్కాలి? మధ్యలో ఎక్కడన్నా తప్పు బటన్ పడితే, ఎవరికీ ఫోన్ చేయకుండా వెనక్కి రాగలరా?

తాతయ్య పొద్దున లేవగానే భక్తి ఛానల్ పెడతాడు, రాత్రికి తీన్మార్ వార్తలు చూస్తాడు. నానమ్మకి సాయంత్రం నుంచి వరుసగా సీరియల్స్. ఇవన్నీ కేబుల్ బాక్స్‌లోనే వస్తాయి. న్యూస్ ఛానళ్లు, ఎస్వీబీసీ లాంటివి యూట్యూబ్‌లో లైవ్ దొరుకుతాయి గానీ, సీరియల్ ఛానళ్లు అలా ఫ్రీగా దొరకవు. కాబట్టి మనం ఏది కొన్నా కేబుల్ బాక్స్ ఇంట్లోంచి పోదు.

చాలామంది పొరపాటు పడేది ఇక్కడే. స్మార్ట్ టీవీ కొంటే ఒకటే రిమోట్ అనుకుంటారు. కాదు. కేబుల్ బాక్స్ ఉన్నన్ని రోజులు స్మార్ట్ టీవీకైనా రెండు రిమోట్లే. పైగా చాలా స్మార్ట్ టీవీలు ఆన్ చేయగానే ఛానల్ రాదు, హోమ్ స్క్రీన్ వస్తుంది. బోలెడన్ని సినిమా పోస్టర్లు, యాప్‌లు. అందులోంచి ఇన్‌పుట్ అనే చోటికి వెళ్లి, బాక్స్ ఉన్న HDMI ఎంచుకుంటేనే సీరియల్ వస్తుంది. నిన్నటిదాకా పవర్ నొక్కితే వచ్చిన ఛానల్‌కి ఇప్పుడు నాలుగైదు బటన్లు అన్నమాట.

మరి స్టిక్ పెడితే? టీవీ వెనకాల HDMI పోర్ట్‌లో స్టిక్ పెడతాం. కేబుల్ బాక్స్ ఇంకో పోర్ట్‌లో ఉంటుంది. టీవీ ఒకసారి ఒక దారినే చూపిస్తుంది. ఆ దారి పేరే సోర్స్. మీరు సెలవుకి ఇంటికొచ్చి, రాత్రి స్టిక్‌లో సినిమా చూసి, అలాగే టీవీ ఆపేసి పడుకున్నారనుకోండి. పొద్దున తాతయ్య టీవీ ఆన్ చేసి, కేబుల్ రిమోట్‌తో ఛానల్ నంబర్ నొక్కుతాడు. బాక్స్ తన పని తాను చేస్తూనే ఉంటుంది, కానీ టీవీ HDMI 1 దగ్గరే ఆగిపోయి ఉంది. ఎన్ని నొక్కినా ఛానల్ రాదు. ఇక ఫోన్ వస్తుంది: "బిడ్డా, టీవీ ఖరాబైందిరా!" నిజానికి ఏదీ ఖరాబ్ కాలేదు, సోర్స్ మారింది అంతే.

అంటే స్మార్ట్ టీవీలోనూ స్టిక్‌లోనూ అసలు సమస్య ఒకటే: సోర్స్ మారడం. దాన్ని ఎవరు తేలిగ్గా దాటిస్తే వాళ్లే ఈ ఇంటికి విన్నర్.

ఇప్పుడు మట్టెవాడ ఇంటికి స్టిక్ ఎలా సెట్ చేయాలో వరుసగా చెప్తాను.

మొదట టీవీ వెనక చూడండి. ఆ టీవీకి రెండు HDMI పోర్ట్‌లు ఉన్నాయి. కేబుల్ బాక్స్ మాత్రం పాత పసుపు, ఎరుపు, తెలుపు వైర్లతో AVలో ఉంది. బాక్స్‌కి కూడా HDMI ఉంటే దాన్ని HDMI 1కి మార్చి, స్టిక్‌ని HDMI 2లో పెట్టండి. బొమ్మ బాగుపడుతుంది, అది ఒక లాభం. అసలు లాభం ఏంటంటే, సోర్స్ లిస్ట్‌లో రెండూ పక్కపక్కన వస్తాయి. ఒక్క అడుగు వేస్తే అటు, ఒక్క అడుగు వేస్తే ఇటు.

రెండోది, రిమోట్. స్టిక్ కొనేటప్పుడు దాని రిమోట్ మీద టీవీ పవర్, వాల్యూమ్ బటన్లు ఉన్నాయా చూసుకోండి. ఫైర్ టీవీ స్టిక్ లైట్ రిమోట్‌కి ఆ బటన్లు ఉండవు. కాస్త తక్కువకి వస్తుందని అలాంటిది తీసుకుంటే, సౌండ్ పెంచడానికి మళ్లీ టీవీ రిమోట్ వెతకాలి. బటన్లు ఉన్న రిమోట్‌ని Settings లో Equipment Control లోకి వెళ్లి మీ టీవీ కంపెనీకి సెట్ చేస్తే, ఆ రిమోటే టీవీని ఆన్ చేస్తుంది, సౌండ్ పెంచుతుంది.

మూడోది, HDMI CEC. అంటే HDMI వైర్‌లోంచి స్టిక్, టీవీ ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడం. టీవీ సెట్టింగ్స్‌లో ఒక్కో కంపెనీ ఒక్కో పేరు పెట్టింది. సామ్‌సంగ్‌లో Anynet+, ఎల్‌జీలో SIMPLINK, సోనీలో BRAVIA Sync. ఇటు టీవీలో, అటు స్టిక్‌లో Display & Sounds కింద HDMI CEC Device Control ఆన్ చేస్తే, స్టిక్ రిమోట్ మీద హోమ్ బటన్ నొక్కగానే టీవీ దానంతటదే స్టిక్ సోర్స్‌కి వస్తుంది. యూట్యూబ్‌కి వెళ్లడం ఒక బటన్ పని అయిపోయింది.

కానీ ఇందులో ఒక తిరకాసు ఉంది. స్టిక్‌కి వెళ్లడం తేలికైంది, మరి వెనక్కి రావడం? కేబుల్ బాక్స్ కూడా అలా టీవీని తనవైపు లాక్కుంటుందని అనుకోవద్దు. సీరియల్ మధ్యలో స్టిక్ రిమోట్ మీద చెయ్యి పడిందనుకోండి, స్క్రీన్ మీద పోస్టర్లు వచ్చేస్తాయి, సీరియల్ మాయం.

దీనికి మందు కొత్తగా ఏం కొనాల్సిన పని లేదు, చాలావరకు కేబుల్ రిమోట్‌లోనే ఉంటుంది. చాలా కేబుల్ రిమోట్ల మీద TV అని రాసి, ఒక మూల నాలుగైదు బటన్లు వేరేగా ఉంటాయి. ఎవ్వరూ వాటిని వాడరు. అవి నేర్చుకునే బటన్లు. టీవీ రిమోట్‌ని, కేబుల్ రిమోట్‌ని ఎదురెదురుగా పెట్టి, కేబుల్ రిమోట్‌ని నేర్చుకునే మోడ్‌లో పెట్టి, నేర్పాల్సిన బటన్ ఎంచుకుని, టీవీ రిమోట్ మీద అదే పని చేసే బటన్ నొక్కాలి. లైట్ మెరిస్తే నేర్చుకున్నట్టు. మోడ్‌లో పెట్టే పద్ధతి బాక్స్‌ని బట్టి మారుతుంది, మీ కేబుల్ అతన్ని అడిగితే రెండు నిమిషాల్లో చూపిస్తాడు. పవర్, వాల్యూమ్ నేర్పండి. AV లేదా Source అని బటన్ ఉంటే అది కచ్చితంగా నేర్పండి.

ఇప్పుడు చూడండి. టీవీ రిమోట్ అల్మారాలోకి పోయింది. నానమ్మ చేతిలో కేబుల్ రిమోట్ ఒక్కటే. ఆ సోర్స్ బటన్ మీద ఎర్ర స్టిక్కర్ ముక్క అంటించి, ఒకటే మాట చెప్పండి: "నానమ్మా, ఛానల్ పోతే ఈ ఎర్ర బటన్ నొక్కు, వచ్చేదాకా నొక్కు." కొన్ని టీవీల్లో సోర్స్ ఎంచుకున్నాక OK కూడా నొక్కాలి. మీ టీవీలో అలా ఉంటే OK కూడా నేర్పి, దాని మీద ఇంకో రంగు పెట్టండి.

నాలుగోది, కరెంట్. స్టిక్‌ని టీవీ వెనక USB పోర్ట్‌కి పెట్టకండి, దాంతో వచ్చిన అడాప్టర్‌నే గోడ ప్లగ్‌కి పెట్టండి. పాత టీవీ USB పోర్ట్ మామూలుగా అర ఆంపియర్ ఇస్తుంది, స్టిక్‌కి అది చాలదు. వీడియో మధ్యలో స్టిక్ ఆగి మళ్లీ లోగో వస్తుంటే కారణం చాలాసార్లు ఇదే. ఇంకో ఇబ్బంది, టీవీ ఆపినప్పుడల్లా USB కరెంట్ కూడా పోతే, ప్రతిసారీ స్టిక్ మొదటినుంచి స్టార్ట్ అవ్వాలి. అంతసేపు పెద్దవాళ్లు ఊరుకోరు, ఏదో ఒక బటన్ నొక్కేస్తారు.

చివరిగా, యూట్యూబ్‌లో మీ అకౌంట్ పెట్టకండి. పెడితే మీ గేమింగ్ వీడియోలు తాతయ్య స్క్రీన్ నిండా వస్తాయి. వాళ్లకి వేరే అకౌంట్ పెట్టి, వాళ్ల ఛానళ్లు సబ్‌స్క్రైబ్ చేసి, నాలుగు రోజులు అవే ప్లే చేయండి. తర్వాత యూట్యూబ్ తెరవగానే అవే ముందు కనిపిస్తాయి. స్టిక్ హోమ్ స్క్రీన్‌లో వాటంతటవే మోగే ట్రైలర్లని Preferences లో Featured Content లోకి వెళ్లి ఆపేయండి.

మరి స్మార్ట్ టీవీ ఎప్పుడు కొనాలి? మూడు సందర్భాల్లో. ఒకటి, ఇంట్లో ఉన్నది పాత డబ్బా టీవీ, HDMI లేదు. కన్వర్టర్ పెట్టొచ్చు గానీ యాప్‌లలో అక్షరాలు అలుక్కుపోయి కనిపిస్తాయి, పెద్దవాళ్ల కళ్లకి అది పనికిరాదు. రెండు, టీవీ బొమ్మే మసకబారింది. మూడు, వాళ్లు కూర్చునే చోటికి 32 అంగుళాలు చిన్నదైపోయింది, స్క్రోలింగ్ చదవలేకపోతున్నారు. అప్పుడు 43 అంగుళాలు తీసుకోండి. అది గూగుల్ టీవీ అయితే మొదటి రోజే Power on behavior అనే సెట్టింగ్ వెతికి Last used input పెట్టండి. అప్పుడు ఆన్ చేయగానే హోమ్ స్క్రీన్ కాకుండా, చివరిసారి చూసిన కేబులే వస్తుంది. అన్ని మోడళ్లలో ఈ సెట్టింగ్ ఉండదు, కాబట్టి షాపులోనే రిమోట్ తీసుకుని చూపించమనండి.

ఇంకో విషయం. టీవీ బొమ్మ పదేళ్లు బాగుంటుంది గానీ, లోపలి స్మార్ట్ అంతకాలం ఉండదు. 2010, 2011 నాటి కొన్ని సామ్‌సంగ్ స్మార్ట్ టీవీల్లో 2019 డిసెంబర్ నుంచి నెట్‌ఫ్లిక్స్ ఆగిపోయింది. టీవీలు పనిచేస్తూనే ఉన్నాయి, యాప్ పోయింది. అలాంటప్పుడు స్మార్ట్ టీవీకి కూడా చివరికి స్టిక్కే పెట్టుకుంటాం. స్టిక్ పాతబడితే స్టిక్ ఒక్కటే మారుస్తాం, నానమ్మకి అలవాటైన టీవీ, కేబుల్ రిమోట్ అలాగే ఉంటాయి.

కాబట్టి మట్టెవాడ తమ్ముడూ, మీ టీవీలో బొమ్మ బాగుంది, HDMI ఉంది. స్టిక్ తీసుకో. పెట్టాక వెంటనే హైదరాబాద్ బస్ ఎక్కకు. ఒకరోజు ఇంట్లోనే ఉండి, సాయం చేయకుండా పక్కన కూర్చుని చూడు. వాళ్లంతట వాళ్లు టీవీ ఆన్ చేసి ఛానల్ పెట్టాలి. యూట్యూబ్‌లోకి వెళ్లి ఒక భజన పెట్టాలి. మళ్లీ సీరియల్‌కి రావాలి. మొదటి రెండూ వచ్చి మూడోది రాకపోతే పని పూర్తి కాలేదన్నట్టే. అప్పుడు స్టిక్‌లో CEC ఆపేసి చూడు. తెలియక చెయ్యి తగిలినా సీరియల్ పోదు. యూట్యూబ్‌కి వెళ్లాలన్నా, వెనక్కి రావాలన్నా ఆ ఎర్ర బటన్ ఒక్కటే గుర్తుంటే చాలు.

మీ ఇంట్లో కేబుల్ రిమోట్ నేర్చుకునే మోడ్‌లోకి ఎలా వెళ్లిందో బాక్స్ పేరుతో సహా కామెంట్‌లో రాయండి, అదే బాక్స్ ఉన్న ఇంకొకరికి పనికొస్తుంది. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను మరి, బై.