సగం నిండే చోటు

జూన్ 29 గణాంక దినోత్సవం, మహలనోబిస్ గారి పుట్టినరోజు. ఆయన గురించి ఏటా వింటూనే ఉంటారు కాబట్టి ఇవాళ్టి సమయాన్ని నాకిష్టమైన మధ్యగతానికి ఇచ్చేస్తున్నాను.

1662లో లండన్ వర్తకుడు జాన్ గ్రాంట్ ఒక పట్టిక వేశాడు. పుట్టిన వందమందిలో ఆరేళ్లకు 64 మంది, పదహారేళ్లకు 40 మంది మిగులుతారట. 1669లో హైగెన్స్ సోదరులు దీనిమీద ఉత్తరాల్లో వాదించుకున్నారు. తమ్ముడు లోడ్‌విక్ సగటు ఆయుష్షు సుమారు 18 ఏళ్లన్నాడు. అన్న క్రిస్టియాన్ ఆ అంకెలను వక్రరేఖగా గీసి, యాభైమంది మిగిలేది ఎక్కడో చూశాడు. అది సుమారు 11 ఏళ్ల దగ్గర! ఇద్దరూ ఒప్పే. సగటు ఆయుష్షు 18 అంటే సగం మంది 18 దాటుతారని కాదు. ఈ పొరపాటు ఇప్పటికీ వింటుంటాం. నా దృష్టిలో ఆ వక్రరేఖే సంచిత విభాజనానికి తొలిరూపం. కాకపోతే పోయినవాళ్లను కాక మిగిలినవాళ్లను లెక్కపెట్టింది, అంతే తేడా.

తర్వాతి కథ గబగబా చెప్పేస్తాను. న్యూటన్, లైబ్నిట్జ్‌ల కలనగణితం వచ్చింది, సాంద్రతా ప్రమేయాన్ని సమాకలనం చేస్తే సంచిత ప్రమేయం వస్తుందని తేలింది. 1843లో కూర్నో మధ్యగతానికి పేరు పెట్టాడు. ఆ ఘనత గాల్టన్‌ది అంటుంటారు గానీ, ఆయన ప్రచారం చేసింది 1880ల్లో.

దిల్‌సుఖ్‌నగర్‌లో ట్యూషన్లు చెప్పే రోజుల్లో పిల్లలు తరచూ తడబడే మధ్యగతం లెక్క ఒకటుండేది. దాన్నిప్పుడు ఎల్బీ నగర్ మెట్రో స్టేషన్‌కు తెస్తాను. రైళ్ల మధ్య ఎడం ఒకసారి 2 నిమిషాలు, ఒకసారి 10 నిమిషాలు అనుకుందాం. సగటున 6. మీరు ఏ క్షణాన్నైనా ప్లాట్‌ఫాం ఎక్కొచ్చు. 2 నిమిషాల్లోపు రైలు దొరికే అవకాశం రెండు ఎడాల్లోనూ ఉంది, అందుకే అక్కడ ఎదురుచూసే సమయపు సాంద్రత నిమిషానికి ఆరో వంతు. 2 నుంచి 10 దాకా పెద్ద ఎడం ఒక్కటే మిగులుతుంది, కాబట్టి పన్నెండో వంతు.

మధ్యగతం m కావాలంటే సున్నా నుంచి m దాకా సమాకలని సగం కావాలి. మొదటి 2 నిమిషాల్లో మూడో వంతు పోగైంది. సగానికి ఇంకా ఆరో వంతు కావాలి. పన్నెండో వంతు చొప్పున మరో 2 నిమిషాలు పడుతుంది. m అంటే 4 నిమిషాలు.

పిల్లలు తప్పేది ఇక్కడే. పోగైన మూడో వంతును మరిచి, రెండో ముక్క ఒక్కదాన్నే సగానికి సమానం చేస్తారు. జవాబు 8 వస్తుంది. సరిచూడటం తేలికే, 8 దాకా మొత్తం పోగుచేస్తే ఆరింట ఐదు వంతులవుతుంది, సగం కాదు.

రైళ్లు కచ్చితంగా ఆరేసి నిమిషాలకు వస్తే మధ్యగతం 3. రైళ్ల సంఖ్య అదే, సగటు ఎడమూ అదే. అయినా ఎడాలు ఎగుడుదిగుడైనందుకే సగంమంది 4 నిమిషాలకు పైగా నిలబడాల్సి వస్తోంది. ఎడాల సగటు చూసి ఈ సంగతి పట్టుకోలేం, సాంద్రతను పోగుచేసి చూడాల్సిందే.